బీపీ తక్కువే ఉంది.. మరి బీపీ మాత్రలెందుకు?

ప్రశ్న: మా నాన్నకు 63 ఏళ్లు. ఏడాది కిందట గుండెపోటు వచ్చింది. ఎకోలో పంపింగ్ 35 శాతం ఉందన్నారు. బీపీ 110/70 దాటదు. కాళ్లు వాస్తున్నాయంటే రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ రాశారు. ఇవి బీపీ మాత్రలే కదా? రెండు వారాలకు క్రియాటినిన్ 1.0 నుంచి 1.2 అయింది, పొటాషియం 5.2కు చేరింది. కిడ్నీలు పాడవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఆపేయొచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆపొద్దు. ఆ మాత్రలు ఇచ్చింది బీపీ కోసం కాదు, కిడ్నీ పొరపడుతున్నందుకు.

విరేచనాలతో ఒంట్లో నీరు పోతే కిడ్నీకి అందే రక్తం తగ్గుతుంది. అది వెంటనే రెనిన్ అనే ఎంజైమ్‌ను వదులుతుంది. దాంతో యాంజియోటెన్సిన్-1, దాని నుంచి యాంజియోటెన్సిన్-2 తయారవుతాయి. ఈ రెండోది రక్తనాళాలను బిగిస్తుంది, దాహం పుట్టిస్తుంది, అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టిరాన్ హార్మోన్‌ను వదిలిస్తుంది. ఆ హార్మోన్ ఉప్పును మూత్రంలో పోనివ్వదు. ఉప్పుతో పాటు నీరూ ఒంట్లోనే ఉండిపోతుంది. పొటాషియం మాత్రం బయటికి పోతుంది.

మీ నాన్నగారికి నీటి కొరత లేదు. గుండె గట్టిగా నెట్టలేకపోవడం వల్ల కిడ్నీకి రక్తం తక్కువగా వెళ్తోంది, అంతే. కిడ్నీకి ఆ తేడా తెలియదు. నీరు తగ్గిందనుకుని ఇంకా దాస్తుంది. దాచిందంతా కాళ్లలోకి దిగుతుంది. బిగిసిన నాళాల్లోకి రక్తం నెట్టలేక గుండె మరింత అలసిపోతుంది, కిడ్నీ మరింత రెనిన్ వదులుతుంది. రామిప్రిల్ యాంజియోటెన్సిన్-2 తయారీని తగ్గిస్తుంది. స్పైరనోలాక్టోన్ ఆల్డోస్టిరాన్‌ను అడ్డుకుంటుంది.

మీరు భయపడుతున్న అంకెలూ ఇందులోంచే వచ్చాయి. కిడ్నీలోని వడపోత గుత్తుల దగ్గర, రక్తం బయటికి వెళ్లే నాళాన్ని యాంజియోటెన్సిన్-2 బిగించి లోపల ఒత్తిడి నిలుపుతుంది. మందుతో ఆ పట్టు సడలి వడపోత కాస్త తగ్గుతుంది, క్రియాటినిన్ పెరుగుతుంది. మీ నాన్నగారికి పెరిగింది 20 శాతం. 30 శాతం వరకు మేం సాధారణంగా మందు మార్చం. పొటాషియం బయటికి పోవడం తగ్గింది కాబట్టి అదీ పెరిగింది. 5.5 దాటితే స్పైరనోలాక్టోన్ డోసు సగం చేస్తాం, 6 దాటితే ఆపేస్తాం. 5.2 అంటే ఆపాల్సినంత కాదు, వదిలేయాల్సినంతా కాదు. వారంలో మళ్లీ పరీక్ష చేయించండి.

ఈలోగా వంటింట్లో ఉప్పు ప్యాకెట్ చూడండి. గుండెకు మంచిదని చాలామంది కొనే ‘లో సోడియం’ ఉప్పులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఆయనకు అది వద్దు. మామూలు ఉప్పే తగ్గించి వాడండి. కొబ్బరి నీళ్లు కూడా మానిపించండి. మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్ వేసుకుంటే ఉన్న కాస్త వడపోతా దెబ్బతింటుంది, నీరూ పడుతుంది.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి. అప్పుడు నీరు నిజంగానే పోతోంది కాబట్టి తగ్గేదాకా ఈ మాత్రలు ఆపమంటారు. పెదాలు, నాలుక వాస్తే రామిప్రిల్ మళ్లీ వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొడి దగ్గు వస్తే సిరప్‌లు కొనకండి. అది రామిప్రిల్ వల్ల కావచ్చు, మందు మార్చితే పోతుంది.