కుట్ల దగ్గర ఎరుపు: ముందు పెన్నుతో గీత గీయండి

"అమ్మకు తిరుపతిలో హెర్నియా ఆపరేషనై ఐదో రోజు. చిత్తూరు వచ్చేశాం. కుట్ల పక్కన ఎర్రగా ఉంది, టెన్షన్‌గా ఉంది. డాక్టర్‌కు ఏ ఫొటోలు పంపాలి?"

కుట్ల వెంట సన్నగా ఉండి రోజురోజుకూ తగ్గే ఎరుపు మామూలే. ఇన్‌ఫెక్షన్ అయితే ఎరుపు పక్కలకు పాకుతుంది, తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంది.

1. చాలామంది వదిలేసేది ఇదే: ఎరుపు అంచు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కనే తేదీ, టైమ్ రాయండి. చామనఛాయ ఒంటిపై ఎరుపు సరిగా తెలియదు. చేతులు కడుక్కుని, గాయాన్ని ముట్టకుండా చుట్టూ తాకి చూడండి. వేడిగా, గట్టిగా ఉన్నంత మేరా గీయండి.
2. ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుగులో పొట్ట మొత్తం ఒక ఫొటో, పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఇంకొకటి. విప్పిన కట్టు మీది మరకను కూడా ఫొటో తీయండి.
3. సాయంత్రం అలాగే మళ్లీ తీయండి.

ఎరుపు గీత దాటినా, చీము పట్టినా, కుట్లు విడినా, జ్వరం 100.4 దాటినా ఫొటో పంపి జవాబు కోసం కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.