పోయిన పాత క్రయ దస్తావేజుకు నకలు తీసుకునే విషయమై

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

1996 నవంబరు తుఫానులో పెట్టెలోని కాగితాలన్నీ తడిసి, కొబ్బరితోట దస్తావేజు ముద్దయిపోయిందని వ్రాశావు. అసలు పోయినా, రిజిస్ట్రేషన్ నాడు దాని పూర్తి పాఠాన్ని సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోని ఒకటవ పుస్తకంలో ఎక్కించి ఉంటారు. అందులోంచి సర్టిఫైడ్ నకలు ఎవరు దరఖాస్తు చేసినా, రుసుము కడితే ఇవ్వాలని రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను చెబుతోంది కనుక, వారసత్వ పత్రం లేదని వెనుకాడకు.

నీకు ముందుగా కావలసింది దస్తావేజు నెంబరూ, సంవత్సరమూ. ఈ నెంబరు ఏటా జనవరిలో మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి, సంవత్సరం తప్పితే నెంబరు తెలిసినా ప్రయోజనం ఉండదు. ఇక్కడే నేను మోసపోయాను. మా నాన్నగారి దస్తావేజు 1971 డిసెంబరు చివర వ్రాసినదని తెలిసి, ఆ ఏటి ఇండెక్సు మాత్రమే వెతికించాను, లేదన్నారు. తరువాత ఆ భూమిపై అప్పు తెచ్చుకున్నప్పటి తనఖా కాగితం దొరికితే, అందులో '1972 సం.పు 214 నెంబరు క్రయ దస్తావేజు మూలముగా సంక్రమించిన' అన్న వాక్యం కనబడింది. వ్రాసిన నాటి నుంచి నాలుగు నెలలలోపు రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవచ్చు కాబట్టి, డిసెంబరులో వ్రాసినది జనవరిలో నమోదైంది. అందుచేత నీవు కూడా తాతగారి తనఖా కాగితాలు, తరువాతి పంపకపు దస్తావేజు ముందు తిరగెయ్యి.

అవేవీ దొరకకపోతే, కొన్నవారి, అమ్మినవారి ఇంటిపేర్లతో సహా పూర్తి పేర్లూ, గ్రామమూ, భూమి సర్వే నెంబరైన ఆర్.ఎస్. నెంబరూ, విస్తీర్ణమూ, నాలుగు హద్దులూ వ్రాసి, దస్తావేజు వ్రాసిన ఏటికీ, ఆ మరుసటి ఏటికీ ఇండెక్సు శోధన కోరు. ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే ఆన్‌లైన్ ఈసీలో 1983కు ముందరి లావాదేవీలు రావు. వాటికి కార్యాలయానికి వెళ్ళి చేతితో వెతికించవలసిందే. అయితే ఏ కార్యాలయమన్నది చూసుకో. మన లంక గ్రామాలలో కొన్ని తరువాత వేరే సబ్ రిజిస్ట్రారు పరిధిలోకి మారాయి. పాత వాల్యూములు ఎక్కడ ఉన్నాయో అడిగి తెలుసుకున్నాకే దరఖాస్తు ఇచ్చి, రుసుము రసీదు జాగ్రత్త చేసుకో.

నకలు చేతికి వచ్చాక వెంటనే లేచి రాకు. ఆనాటి వాల్యూములు చేతివ్రాతవి. సిరా వెలిసినచోట 1 ని 7గా చదివే ప్రమాదముంది. నా నకలులో ఎకరా 10 సెంట్లు, ఎకరా 70 సెంట్లుగా పడింది. ఆర్.ఎస్. నెంబరు, సెంట్లు, హద్దులు, వాల్యూము పేజీలు, సబ్ రిజిస్ట్రారు సంతకం, ముద్ర అక్కడే సరిచూసుకుని, అనుమానం వస్తే మూల వాల్యూముతో పోల్చి సవరించి ఇమ్మని అడుగు.

ఇట్లు,
మీ పెదనాన్న