సినిమా ఆగి ఆగి వస్తోంది: కేబుల్ లాగాలా, సర్వర్ మార్చాలా?

పాత డెస్క్‌టాప్‌లో, ఇంట్లో దాచుకున్న సినిమాలను టీవీకి పంపే జెల్లీఫిన్ సర్వర్ నడుస్తోంది. టీవీ వైఫై మీద ఉంది. 4కె సినిమా పెడితే పది సెకన్లకోసారి ఆగుతోంది. లాన్ కేబుల్ లాగితే సరిపోతుందా?

కేబుల్ కొనకముందు, సినిమా ఆడుతుండగా గేర్ గుర్తు నొక్కి `Playback Info` తెరవండి. అక్కడ ట్రాన్స్‌కోడింగ్ అని ఉంటే, సర్వర్ సినిమాని అప్పటికప్పుడు వేరే రూపంలోకి మార్చి పంపుతోందన్నమాట; దాని ఫ్రేమ్ రేటు చూడండి. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు కావాలి. సర్వర్ 15 మాత్రమే తయారు చేస్తుంటే ఎంత మంచి కేబుల్ వేసినా ఆగుతూనే ఉంటుంది.

చాలాసార్లు దొంగ సబ్‌టైటిలే. బ్లూరే నుంచి వచ్చిన పీజీఎస్ సబ్‌టైటిళ్లు అక్షరాలు కావు, బొమ్మలు. టీవీ యాప్‌కి అవి చేతకాకపోతే సర్వర్ ఒక్కో ఫ్రేమ్ విప్పి, బొమ్మ అతికించి, మళ్లీ కుదించాలి. సబ్‌టైటిల్ ఆపి చూడండి. ఆగడం పోతే అక్షరాలతో ఉండే ఎస్ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలు పెట్టుకోండి, పైసా ఖర్చు లేదు.

డైరెక్ట్ ప్లే అని, అంటే ఫైలు మార్పు లేకుండా ఉన్నదున్నట్టు వెళ్తోందని ఉండి కూడా ఆగితే తప్పు చాలావరకు నెట్‌వర్క్‌దే. టీవీ పక్కన ల్యాప్‌టాప్ పెట్టి, అదే వైఫై మీద నెట్‌వర్క్ వేగాన్ని iperf3 అనే ప్రోగ్రామ్‌తో కొలవండి. మొదటి ఆదేశం సర్వర్‌లో, రెండోది ల్యాప్‌టాప్‌లో (ఐపీ మీది వేసుకోండి):

```
iperf3 -s
iperf3 -c 192.168.1.10 -R -t 60
```

ఫైలు సగటు 60 ఎంబీపీఎస్ అయినా, పోరాట సన్నివేశాల్లో 100 దాటొచ్చు. సగటు కాదు, ఏ సెకనులో ఎంతకు పడిపోతోందో చూడండి.

ఇక్కడో తిరకాసు: చాలా టీవీల లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే. అలాంటప్పుడు కేబుల్ సర్వర్‌కీ రౌటర్‌కీ మధ్య వేసి, టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫై మీదే ఉంచడం మేలు.