సంఘంలో చేరితే ఉద్యోగానికి ముప్పా? సమ్మె సంగతేంటి?

ప్రశ్న: నమస్తే సర్. మా అమ్మాయికి ఆంధ్రప్రదేశ్‌లో జూనియర్ అసిస్టెంట్ పోస్టు వచ్చింది, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఆఫీసులో సంఘం సభ్యత్వం తీసుకోమంటున్నారు. రేపు సమ్మె అంటే ఈమె కూడా చేయాలా, చేస్తే ఉద్యోగం పోతుందా అని మాకు టెన్షన్‌గా ఉంది. ఫ్యాక్టరీ వాళ్లు సమ్మె చేయొచ్చు, ప్రభుత్వోద్యోగులు ఎందుకు చేయకూడదు?

జవాబు: సభ్యత్వం నిశ్చింతగా తీసుకోమనండి. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ఇచ్చింది, దాన్ని ప్రభుత్వోద్యోగం తీసేయదు. కానీ సమ్మె హక్కు అందులో లేదు. 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది: శాంతియుత ప్రదర్శనలన్నిటినీ కలగలిపి నిషేధించడం చెల్లదు, సమ్మెను నిషేధించడం చెల్లుతుంది. ప్రవర్తనా నియమావళి ఇప్పటికీ దాదాపు అలాగే నడుస్తోంది.

ఎందుకంటే, ఫ్యాక్టరీలో సమ్మె జరిగితే యజమానికి నష్టం వస్తుంది, ఆ నష్టమే అతన్ని బేరానికి కూర్చోబెడుతుంది. తహసీల్దారు ఆఫీసు మూతపడితే ప్రభుత్వానికి వ్యాపార నష్టమేమీ ఉండదు, కుల ధ్రువీకరణ పత్రం కోసం వచ్చిన పిల్లవాడు తిరిగి పోతాడు, అతనికి వెళ్లడానికి ఇంకో ఆఫీసు లేదు. పైగా జీతం డబ్బు శాసనసభ ఆమోదించే బడ్జెట్ నుంచి రావాలి, చర్చల్లో కూర్చున్న అధికారి సొంతంగా సంతకం పెట్టి ఇచ్చేయగలిగేది కాదు. ఈ వాదనలో న్యాయం ఉందనే నేను అనుకుంటాను. అయితే సమ్మె వద్దన్నప్పుడు వినే వేదిక గట్టిగా ఉండాలి కదా. కేంద్రంలో 1960 జులై సమ్మె తర్వాత, 1966లో సంయుక్త సంప్రదింపుల యంత్రాంగం పెట్టారు, జీతభత్యాలు, వారపు పని గంటలు, సెలవులపై తేలకపోతే మధ్యవర్తిత్వానికి వెళ్లొచ్చు. మన రాష్ట్రంలో జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ ఉంది గానీ, పెద్ద విషయాలు చివరికి మంత్రుల కమిటీ దగ్గరే తేలతాయి.

జీతాలు సవరించే పీఆర్సీ మీద 2022లో జరిగిన గొడవ చూడండి. అప్పటికి ఉద్యోగులు కొత్త జీతాలు వచ్చేలోగా ఇచ్చే మధ్యంతర భృతి 27 శాతం తీసుకుంటున్నారు, ప్రభుత్వం ప్రకటించిన ఫిట్‌మెంట్, అంటే మూల వేతనంపై పెంపు, 23 శాతమే. జనవరి 17న జీవోలు వచ్చేసరికి ఇంటి అద్దె భత్యం శ్లాబులు కూడా తగ్గాయి. సంఘాలు ఒక్కటై జనవరి 24న సమ్మె నోటీసు ఇచ్చాయి, ఫిబ్రవరి 6 అర్ధరాత్రి నుంచి సమ్మె అని. ఈ మధ్యలో ట్రెజరీ ఉద్యోగులు కొత్త స్కేళ్ల జీతాల బిల్లులు చేయబోమన్నారు, ఫిబ్రవరి 3న చలో విజయవాడకు వేలమంది వచ్చారు. 5వ తేదీ రాత్రికి ఒప్పందం కుదిరి సమ్మె ఆగింది. ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఉండిపోయింది, కనీస అద్దె భత్యం 8 నుంచి 10 శాతానికి పెరిగింది, ఎక్కువ తీసుకున్న భృతిని తిరిగి వసూలు చేయబోమన్నారు, ఐదేళ్లకోసారి పీఆర్సీకి ఒప్పుకున్నారు. ఉపాధ్యాయ సంఘాలకు ఇది నచ్చక బయటికొచ్చేశాయి. అంటే ఒక్కరోజు కూడా సమ్మె జరగలేదు, బేరమంతా ఆ నోటీసుకీ గడువుకీ మధ్య రోజుల్లోనే నడిచింది. ప్రభుత్వోద్యోగుల బేరం ఎక్కువగా ఇలాగే ఉంటుంది.

ఇక ఉద్యోగం పోవడం గురించి. 2003 జులైలో తమిళనాడులో సమ్మె చేసినవాళ్లలో సుమారు లక్షా డెబ్భై వేలమందిని తీసేశారు. సుప్రీంకోర్టు సమ్మెకు ప్రాథమిక హక్కూ లేదు, చట్టబద్ధ హక్కూ లేదు, నైతిక హక్కూ లేదంది, బేషరతు క్షమాపణ, ఇకపై సమ్మె చేయబోమని హామీ ఇచ్చాకే చాలామంది తిరిగి చేరారు. అంత దూరం వెళ్లడం అరుదు. మామూలుగా జరిగేది ఆ రోజుల జీతం కోత, ఆ కాలాన్ని సర్వీసులో ఎలా లెక్కించాలన్న తగాదా. అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం కింద జీవో వచ్చిందంటే మాత్రం లెక్క మారుతుంది, అప్పుడు సమ్మె నేరమవుతుంది, అరెస్టులు కూడా ఉంటాయి. 2024 జనవరి 6న అంగన్‌వాడీల మీద ఆరు నెలలు పెట్టింది అదే.

మీ అమ్మాయి ప్రొబేషన్‌లో ఉంది కాబట్టి నా సలహా కొంచెం కటువుగానే ఉంటుంది. ఆఫీసు వేళల తర్వాత ధర్నాకు, భోజన విరామంలో నల్లబ్యాడ్జీ కార్యక్రమానికి వెళ్లొచ్చు. మూకుమ్మడి సాధారణ సెలవు పెడదామంటే మాత్రం జాగ్రత్త, దాన్ని కూడా సమ్మెగానే చూస్తారు. సమ్మె పిలుపు వచ్చిన రోజు సంఘం కార్యదర్శిని మూడు విషయాలు అడగమనండి: నోటీసు ఎవరికి, ఏ తేదీన ఇచ్చారు, ఎస్మా జీవో ఉందా, ప్రొబేషనర్ల విషయంలో సంఘం ఏం నిర్ణయించింది. చివరిదానికి సూటిగా జవాబు రాకపోతే ప్రొబేషన్ డిక్లేర్ అయ్యేదాకా హాజరు పట్టీలో సంతకం పెట్టి పని చేసుకోమనండి. సభ్యత్వ రుసుము కట్టి, సంఘం సమావేశాలకు మాత్రం తప్పకుండా వెళ్లమనండి, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ల, సీనియారిటీ జాబితాల సమాచారం మొదట అందేది అక్కడే.