రిలీవ్ చేయమని అడిగారు, నోటీస్ ఎప్పుడిచ్చారు?

లాయర్ గారూ, మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. నాన్నగారికి పక్షవాతం వచ్చింది, అమ్మ ఒక్కతే అవస్థ పడుతోంది. ఇంటి నుంచే పని చేసుకోనిచ్చే కంపెనీలో ఉద్యోగం దొరికింది, జూన్ 4న చేరాలి. మార్చి 3న మేనేజర్‌కి వాట్సాప్‌లో చెప్పాను, ఆయన సరేనన్నారు. మార్చి 20న హెచ్‌ఆర్‌కి, మేనేజర్‌కి మెయిల్ పెట్టాను: "రాజీనామా చేస్తున్నాను, హ్యాండోవర్ పూర్తయింది, వీలైనంత త్వరగా రిలీవ్ చేయగలరు." నిజానికి హ్యాండోవర్ ఇంకా చేయలేదు. ఏప్రిల్ 15న హెచ్‌ఆర్ ఏమంటున్నారంటే, అది రిక్వెస్టే గానీ నోటీస్ కాదట, పోర్టల్‌లో కొత్తగా పెడితే ఆ రోజు నుంచి 90 రోజులట. నాన్న పరిస్థితి చెప్పినా వినడం లేదు. జూన్ 1 నుంచి మానేసి వెళ్లిపోనా?

మీ నాన్నగారి ఆరోగ్యం మీద ఈ గొడవ తేలదండీ. మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో నోటీస్ క్లాజు ఏముంది, రాతపూర్వక నోటీస్ వాళ్లకు ఏ తేదీన అందింది, ఈ రెండే చూస్తారు. ఆ క్లాజు కాగితం మీరు నాకు పంపనే లేదు, అసలు చదివారో లేదో.

క్లాజులో 'రాతపూర్వకంగా' అని మాత్రమే ఉంటే మీ మార్చి 20 మెయిల్ సరిపోతుంది. 2000 నాటి ఐటీ చట్టం సెక్షన్ 4 ప్రకారం ఈమెయిల్ కూడా రాతే. 'నోటీస్' అనే మాట లేకపోయినా 'రాజీనామా చేస్తున్నాను' అని స్పష్టంగా ఉంది కాబట్టి అది నోటీసేనని నేను వాదిస్తాను. వాట్సాప్ సంగతి మాత్రం మర్చిపోండి. కౌలు ఖాళీ చేయమని నోటితో చెప్పాం, సరేనన్నాడు అంటూ అమలాపురం కోర్టు చుట్టూ తిరిగేవాళ్లను ఎంతమందిని చూశానో. మేనేజర్ 'సరే' అన్నది దేనికి సరేనో రేపు ఆయనే చెప్పడు.

అసలు చిక్కు మీరు మాటలు కలిపేయడం వల్ల వచ్చింది. నోటీస్ మీరిచ్చేది, దానికి వాళ్ల అనుమతి అక్కర్లేదు. రిలీవ్ చేయడం వాళ్ల పని, అది నోటీస్ కాలం అయ్యాక జరిగేది. హ్యాండోవర్ మీరిస్తే వాళ్లు తీసుకునేది, తీసుకున్నట్టు రాసివ్వాలి కూడా. మీరేమో నోటీస్ అన్న ఊసే లేకుండా, చివరి తేదీ చెప్పకుండా, రిలీవ్ చేయండని బతిమాలారు, అదీ ఇంకా చేయని హ్యాండోవర్ పూర్తయిందని రాసి! రేపు సర్వర్‌లో ఏదైనా ఆగిపోతే ఆ ఒక్క వాక్యం మీకే చుట్టుకుంటుంది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి: పోర్టల్‌లో కొత్త రాజీనామా పెట్టకండి. ఏప్రిల్ 15న పెడితే 90 రోజులు జూలై 14కి పోతాయి, పైగా మార్చి 20 నాటిది నోటీస్ కాదని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. క్లాజులోనే పోర్టల్ తప్పనిసరి అని ఉంటే మీ వాదన బలహీనపడుతుంది, అప్పుడు పెట్టక తప్పదు, కానీ రిమార్క్స్‌లో "మార్చి 20న ఇచ్చిన రాజీనామాకు కొనసాగింపు మాత్రమే" అని రాసే పెట్టండి.

ఈరోజే అదే మెయిల్‌కి రిప్లైగా ఇంగ్లిష్‌లో ఈ అర్థం వచ్చేలా పంపండి: "మార్చి 20 నాటి నా మెయిల్ రాజీనామా నోటీస్. 90 రోజుల నోటీస్ కాలం జూన్ 18తో ముగుస్తుంది, అదే నా చివరి పనిదినం. హ్యాండోవర్ ఇంకా పూర్తి కాలేదు, ముందు మెయిల్‌లో అలా రాయడం పొరపాటు. ఎవరికి ఇవ్వాలో తెలియజేస్తే ఈలోగా పూర్తి చేస్తాను. ఆ రోజు సాయంత్రం రిలీవ్ చేసి రిలీవింగ్ లెటర్ ఇవ్వగలరు."

ఈ రెండు మెయిళ్లనూ తేదీ, టైమ్ కనిపించేలా ప్రింట్ తీసి పెట్టుకోండి, ఆఫీస్ మెయిల్ మూసేశాక మీ చేతిలో ఏమీ ఉండదు. అలాగని కోడ్, క్లయింట్ ఫైళ్లు సొంత మెయిల్‌కి పంపుకున్నారో, కేసు మీ మీదకే తిరుగుతుంది.

ఇక జూన్ 1న మానేయడం. బలవంతంగా పని చేయించమని ఏ కోర్టూ ఆర్డరివ్వదు, నిజమే. కానీ అబ్‌స్కాండింగ్ అని రికార్డులో రాసేస్తారు, మీ కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో మొదట చూసేది అదే. జూన్ 3 దాకా పని చేస్తే తగ్గేది 15 రోజులేనండీ. క్లాజులో బైఅవుట్ ఉంటే ఆ 15 రోజుల జీతం కట్టేస్తానని రాయండి, లేదా జూన్ 19కి మార్చమని కొత్త కంపెనీని అడగండి. రెండోదే ఖర్చు లేని దారి. లక్షలు కట్టమని బెదిరిస్తే భయపడకండి, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 కింద కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, రాసుకున్న అంకె దానికి పై హద్దు మాత్రమే.

చివరి జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ సెక్షన్ 17 చెబుతోంది, ఇది 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. ఆపితే క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువుంది. మూడేళ్లుందిలే అని కూర్చోకుండా ముందు ఆ అపాయింట్‌మెంట్ ఆర్డర్ బయటికి తీసి, నోటీస్ క్లాజు ఉన్న పేజీ నాకు పంపండి.