డాలర్ పెరిగినా షాపులో బంగారం ఎందుకు తగ్గట్లేదు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. డాలర్ రేటు రోజూ పెరుగుతోందని వార్తల్లో చెప్తున్నారు. డాలర్ పెరిగితే బంగారం తగ్గుతుందని అందరూ అంటారు కదా, మరి మా ఊళ్లో షాపుల్లో ఎందుకు తగ్గట్లేదు? వేసవిలో చెల్లి పెళ్లి ఉంది, కొన్నాళ్లు ఆగమంటారా?

జవాబు:

మీరు వార్తల్లో వింటున్న డాలర్ వేరు, బంగారాన్ని కిందికి లాగే డాలర్ వేరు. చిక్కులో సగం ఇక్కడే ఉంది. నేను బరంపురంలో ఒక నగల షాపులో లెక్కలు చూస్తాను, పొద్దున బోర్డు మీద రేటు రాసేదీ నేనే, కాబట్టి ఈ ప్రశ్న నాకు కౌంటర్ దగ్గర తరచూ ఎదురవుతుంది. ఇచ్ఛాపురం నుంచి వచ్చే ఒక పెద్దాయనైతే లోపలికి అడుగు పెడుతూనే "డాలర్ పెరిగిందని టీవీలో గొంతు చించుకుంటున్నాడు, నువ్వు వంద రూపాయలు కూడా తగ్గించవేంటి బాబూ" అని మొదలుపెడతాడు.

వార్తల్లో చెప్పేది రూపాయితో డాలర్ రేటు. అది పెరగడమంటే రూపాయి పడిపోవడం, అంటే అదే బంగారం దిగుమతి చేసుకోవడానికి మనం ఎక్కువ రూపాయలు కట్టాలి. దానివల్ల మన దగ్గర ధర పెరుగుతుందే గానీ తగ్గదు. ప్రపంచ మార్కెట్లో బంగారాన్ని తగ్గించేది డాలర్ మిగతా పెద్ద కరెన్సీలన్నిటి మీదా బలపడటం. దాన్ని కొలిచే సూచీ పేరు DXY, ఫోన్‌లో ఆ మూడు అక్షరాలు కొడితే వచ్చేస్తుంది. అందులో ఆరు కరెన్సీలే ఉంటాయి. సగానికి పైగా, 57.6 శాతం, ఒక్క యూరోదే. తర్వాత జపాన్ యెన్, బ్రిటన్ పౌండ్, కెనడా డాలర్, స్వీడన్ క్రోనా, స్విస్ ఫ్రాంక్. రూపాయి లేదు, చైనా యువాన్ కూడా లేదు.

ఈ సూచీ పెరిగితే బంగారం ఎందుకు తగ్గాలి? ప్రపంచమంతా బంగారం ధర ఔన్సుకి ఇన్ని డాలర్లని చెప్పుకుంటుంది, ఔన్సంటే 31.1 గ్రాములు. డాలర్ బలపడితే జర్మనీలోనో జపాన్‌లోనో కొనేవాడికి తన సొంత డబ్బులో ధర పెరిగినట్టు, వాడు కొనడం తగ్గిస్తాడు, డాలర్లలో ధర దిగుతుంది. ఇది ఒక కారణం, కానీ నా ఉద్దేశంలో చిన్నది. పెద్దది వడ్డీ. డాలర్ మామూలుగా బలపడేది అమెరికాలో వడ్డీ పెరిగినప్పుడు. బంగారం బీరువాలో పెడితే పైసా వడ్డీ రాదు. అమెరికా ప్రభుత్వ బాండు, సరుకుల ధరల పెరుగుదల పోను కూడా ఏటా ఒకటిన్నర శాతం ఇస్తానంటే, పెద్ద ఫండ్లు బంగారం అమ్మి ఆ బాండు కొంటాయి. అంటే డాలర్‌ని పైకి తోసేదీ, బంగారాన్ని కిందికి తోసేదీ చాలాసార్లు ఒకే చెయ్యి. ఇది గుర్తుంటే డాలర్‌కీ బంగారానికీ ఉన్న ఈ లింకు ఎప్పుడు తెగుతుందో సులువుగా అర్థమవుతుంది.

లింకు బాగా పనిచేసిన ఏడాది చూద్దాం, 2022. ఆ మార్చి నుంచి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వరసగా వడ్డీ పెంచుకుంటూ పోయింది. మార్చి మొదట్లో DXY 99 దగ్గర, బంగారం ఔన్సు 2,050 డాలర్ల దగ్గర ఉన్నాయి. సెప్టెంబర్ చివరికి DXY 114 దాటింది, బంగారం 1,630 దగ్గరికి పడింది. డాలర్లలో చూస్తే ఇరవై శాతం నష్టం. మరి మన దగ్గర ఎంత తగ్గింది? పది గ్రాముల మేలిమికి లెక్క ఇదీ:

```
(ఔన్సు ధర × రూపాయి రేటు ÷ 31.1035) × 10 + దిగుమతి సుంకం
```

మార్చిలో రూపాయి 77 దగ్గర ఉంది, సుంకం అన్నీ కలిపి 10.75 శాతం. లెక్క కడితే సుమారు 56,200 రూపాయలు. సెప్టెంబర్ చివరికి రూపాయి 82కి చేరువైంది, ఈలోగా జులై 1 నుంచి సుంకాన్ని 15 శాతానికి పెంచారు. అది కడితే సుమారు 49,400. తగ్గింది పన్నెండు శాతం. ప్రపంచంలో ఇరవై పడితే మనకి చేరింది పన్నెండు, మిగతాది రూపాయి కొంత, సుంకం కొంత మింగేశాయి. డాలర్ అందరి మీదా బలపడుతున్నప్పుడు రూపాయి మీదా బలపడుతుంది కదా, కాబట్టి లింకు చక్కగా పనిచేసిన రోజుల్లో కూడా మన బోర్డు మీద ఆ తగ్గుదల పూర్తిగా కనిపించదు. మీ ఊళ్లో షాపువాళ్లు మోసం చేస్తున్నారని అనుకోకండి, వాళ్లకి హోల్‌సేల్ వాళ్ల దగ్గర్నుంచి పొద్దున వాట్సాప్‌లో వచ్చే బిస్కెట్ రేటులోనే ఇదంతా కలిసి ఉంటుంది.

(దీనికి రివర్స్ కూడా జరుగుతుంది. 2024 జులై బడ్జెట్ రోజున సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గిస్తే ఒక్క రోజులో పది గ్రాములకి దాదాపు నాలుగు వేలు దిగింది. డాలర్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు.)

ఇక లింకు తెగడం. దీనికి 2024 నవంబర్ కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు, ఎందుకంటే లింకు పనిచేయడం, తెగడం రెండూ ఆ ఒక్క నెలలోనే జరిగాయి. దీపావళి ముందు రోజు, అంటే అక్టోబర్ 30న, బంగారం ఔన్సు 2,790 డాలర్ల దగ్గర అప్పటికి రికార్డులో ఉంది. మన లెక్కలో సుంకంతో కలిపి పది గ్రాములు సుమారు 79,900. నవంబర్ ఐదో తేదీన అమెరికా ఎన్నికలు జరిగి ట్రంప్ గెలిచారు. టారిఫ్‌లు వస్తాయి, ధరలు పెరుగుతాయి, వడ్డీలు అనుకున్నంత తగ్గవు అని మార్కెట్ లెక్క వేసుకుంది. DXY పది రోజుల్లో 103 చిల్లర నుంచి 107కి వెళ్లింది, బంగారం 2,565 దగ్గరికి జారింది. మన దగ్గర సుమారు 73,800. ఇక్కడి వరకూ పుస్తకంలో రాసినట్టే. పెళ్లిళ్ల బేరాలు ఆ వారం బాగా జరిగాయి, మా షావుకారు గారి ముఖం వెలిగిపోయింది.

తర్వాత ఎనిమిది రోజుల్లో కథ మారింది. ఉక్రెయిన్ అమెరికా ఇచ్చిన దూరశ్రేణి క్షిపణుల్ని రష్యా లోపలికి వేసింది, రష్యా అణ్వాయుధాల విధానాన్ని సవరించుకుంది, 21వ తేదీన నిప్రో నగరం మీద కొత్త రకం బాలిస్టిక్ క్షిపణి వేసింది. 22 నాటికి బంగారం 2,715కి లేచింది, మన లెక్కలో మళ్లీ 78,100. DXY తగ్గిందా అంటే లేదు, 107.5కి ఇంకాస్త పెరిగింది. రెండూ కలిసి పైకి వెళ్లాయి. ఎందుకంటే ఈసారి డాలర్‌ని పట్టి ఉంచినదాంట్లో భయం కూడా ఉంది. యుద్ధ భయం వస్తే డబ్బున్నవాడు డాలర్లోకీ పరిగెడతాడు, బంగారంలోకీ పరిగెడతాడు. పైగా యూరప్ పక్కనే మంట అంటే యూరో బలహీనపడుతుంది, DXY సగానికి పైగా యూరోయే కాబట్టి సూచీ దానంతటదే పెరుగుతుంది. 2010 మొదటి ఆరు నెలల్లో గ్రీస్ అప్పుల గొడవప్పుడూ ఇదే జరిగింది, DXY 78 నుంచి 88కి, బంగారం 1,100 నుంచి 1,240 పైకి. అప్పుడు బలపడింది డాలర్ అనేకంటే, పడింది యూరో అంటే సరిగ్గా ఉంటుంది.

భయంతో తెగిన లింకు సాధారణంగా ఆ భయం చల్లారాక అతుక్కుంటుంది. కానీ 2024 మొత్తం చూస్తే ఇంకో సంగతి ఉంది. ఏడాది మొదట్లో DXY 101, చివర్లో 108. బంగారం 2,060 నుంచి 2,620కి. ఏడాది పొడుగునా భయం కాదు ఇది, కొనేవాళ్లు మారారు. 2022లో రష్యా విదేశీ నిల్వల్లో దాదాపు 300 బిలియన్ డాలర్లని పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాక, చాలా దేశాల కేంద్ర బ్యాంకులు బంగారం వైపు తిరిగాయి. 2022, 2023, 2024 మూడేళ్లూ ఏటా వెయ్యి టన్నులకి పైగా కొన్నాయి, మన రిజర్వ్ బ్యాంకు కూడా 2024లో 70 టన్నులకి పైగా కొంది. కేంద్ర బ్యాంకు వడ్డీ రావట్లేదని బంగారం అమ్ముకోదు. రేపు ఎవరూ తన సొమ్ము స్తంభింపజేయకుండా ఉండాలని కొంటుంది. వడ్డీ పట్టని కొనుగోలుదారు మార్కెట్లో పెద్ద వాటా అయినప్పుడు వడ్డీ చెయ్యి బంగారాన్ని కిందికి తొయ్యాలని చూసినా అది అంతగా దిగదు.

మీరే చూసుకోవాలంటే, బంగారం ఎటైనా గట్టిగా కదిలిన రోజున ముందు ఔన్సు ధర డాలర్లలో చూడండి. అది కదలకుండా మన రేటు మాత్రమే మారితే కారణం రూపాయో సుంకమో, DXY జోలికి వెళ్లక్కర్లేదు. ఔన్సు ధరే మారితే అప్పుడు DXY, దాని పక్కన అమెరికా పదేళ్ల బాండు వడ్డీ చూడండి. రెండూ పెరిగి బంగారం తగ్గితే పాత లింకు పనిచేస్తున్నట్టు. DXY పెరిగి, బాండు వడ్డీ పడి, బంగారం పెరిగితే జనం భయపడి దాక్కుంటున్నారని. రెండూ పెరిగినా బంగారం దిగకుండా నెలల తరబడి నిలబడితే వడ్డీతో పనిలేని వాళ్లెవరో కొంటున్నారని. ఒక మెలిక ఉంది, భయం మరీ ముదిరితే మొదటి వారాల్లో బంగారం కూడా పడుతుంది. 2020 మార్చిలో కోవిడ్ దెబ్బకి అందరికీ నగదు కావాల్సి వచ్చి బంగారమూ అమ్మేశారు, 1,680 నుంచి 1,470 దాకా వచ్చింది, ఆగస్టుకి 2,000 దాటింది.

చెల్లి పెళ్లి విషయానికొస్తే, డాలర్ కోసం ఆగమని నేను చెప్పను. 2024 నవంబర్ లాంటి పతనం దొరికితే మంచిదే, కానీ ఆ ఆరు వేల తగ్గుదలలో నాలుగు వేలకి పైగా ఎనిమిది రోజుల్లో వెనక్కి వచ్చేసింది, సరిగ్గా ఆ వారంలో మీ చేతిలో డబ్బు ఉండాలి కదా. కావాల్సిన తూకాన్ని రెండు మూడు సార్లుగా కొనండి. బోర్డు రేటు 22 క్యారెట్‌దా 24దా, మూడు శాతం జీఎస్టీ కలిపి రాశారా లేదా అడగండి. అన్నిటికన్నా మజూరీ దగ్గర గట్టిగా బేరమాడండి. నలభై గ్రాముల నగ, గ్రాము ఏడు వేలనుకుంటే, 14 శాతం మజూరీని 10కి దించితే 11,200 రూపాయలు మిగులుతాయి, దానికి ఫెడ్ మీటింగు కోసం ఎదురుచూడక్కర్లేదు. గాజులు, సాదా గొలుసుల మీద దిగుతారు, రాళ్ల నెక్లెస్‌ల మీద అంత దిగరు.