ప్రమోటర్ల షేర్లు తాకట్టులో ఉన్న కంపెనీలో చేరవచ్చా?

"నేను ఎంబీఏ ఫైనాన్స్ చివరి సెమిస్టర్. ఒక పెద్ద కుటుంబ గ్రూపులోని లిస్టెడ్ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. ప్రమోటర్లకు 50 శాతం వాటా ఉంది కాబట్టి కంపెనీ గట్టిదే అనుకున్నాను. కానీ వాళ్ల షేర్లలో 70 శాతం ప్లెడ్జ్‌లో ఉన్నాయని, వద్దని నాన్న అంటున్నారు. ఎవరి మాట సరైనది సార్?"

మీ నాన్నగారి భయానికి ఆధారం ఉంది. అయితే ఆ 70 ఒక్కటే చూసి వద్దనడం తొందరపాటు, ఆ 50 ఒక్కటే చూసి సరేననడం కూడా తొందరపాటే. ఆ 70 శాతం అన్నది కంపెనీ మొత్తంలో కాదు, ప్రమోటర్ల వాటాలో. మీరు చెప్పిన లెక్క ప్రకారం కంపెనీలో 35 శాతం షేర్లు అప్పు ఇచ్చినవాళ్ల దగ్గర తాకట్టులో ఉన్నాయి. కుటుంబం చేతిలో స్వేచ్ఛగా మిగిలింది 15 శాతమే.

సాధారణంగా ఈ అప్పు తీసుకునేది మీరు చేరబోయే కంపెనీ కాదు. దాని షేర్లను పట్టుకున్న కుటుంబపు ప్రైవేటు కంపెనీ. షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లో ప్రమోటర్ల జాబితా తెరిస్తే మనుషుల పేర్ల పక్కన ఏవో హోల్డింగ్స్, ఎంటర్‌ప్రైజెస్ అనే పేర్లు కనిపిస్తాయి చూడండి, అవే. అందుకే మీ కంపెనీ బ్యాలెన్స్ షీట్ ఎంత శుభ్రంగా ఉన్నా ఈ అప్పు అందులో కనిపించదు.

ఇది ఎలా బిగుసుకుంటుందో ఒక లెక్క వేసి చూద్దాం. కంపెనీకి 10 కోట్ల షేర్లు, ధర 200 రూపాయలు అనుకోండి. కుటుంబానివి 5 కోట్లు, వాటిలో మూడున్నర కోట్లు తాకట్టులో ఉన్నాయి. వాటి విలువ 700 కోట్లు. అప్పు 350 కోట్లు. అప్పుకు ఎప్పుడూ రెండింతల విలువ తాకట్టులో ఉండాలన్నది ఒప్పందం. ఇప్పుడు ధర 150కి పడింది. తాకట్టు విలువ 525 కోట్లకు దిగింది. అప్పు ఇచ్చిన సంస్థ ఫోన్ చేసి ఇంకా షేర్లు పెట్టమంటుంది, దీన్నే మార్జిన్ కాల్ అంటారు. కుటుంబం ఇంకో కోటీ 17 లక్షల షేర్లు ఇవ్వాలి. ధర 140కి వస్తే 5 కోట్ల షేర్లూ తాకట్టులోకి వెళ్లిపోయినట్టే. అంటే ధర 30 శాతం తగ్గేసరికి, కొత్తగా ఒక్క రూపాయి అప్పు తీసుకోకుండానే, ప్లెడ్జ్ 70 నుంచి 100 శాతానికి చేరింది. ఆ తర్వాత ధర ఇంకా పడితే పెట్టడానికి షేర్లు లేవు. నగదు తెచ్చి అప్పు కొంత తీర్చాలి, లేదంటే అప్పు ఇచ్చినవాళ్లు షేర్లు అమ్ముకుంటారు. వాళ్లు అమ్మితే ధర ఇంకా పడుతుంది, ఆ పతనంతో మిగతా అప్పులవాళ్లకూ టెన్షన్ మొదలవుతుంది.

ధర 120 దగ్గర అమ్మారనుకుందాం. 350 కోట్లు రాబట్టడానికి దాదాపు 2 కోట్ల 92 లక్షల షేర్లు పోతాయి. అప్పు తీరిపోయింది కాబట్టి మిగిలిన షేర్లు విడుదలవుతాయి. మరుసటి క్వార్టర్ పట్టికలో ప్లెడ్జ్ గడి దగ్గర సున్నా కనిపిస్తుంది! 100 నుంచి సున్నాకి వచ్చిందని చూసి ఎవరైనా మంచి వార్తే అనుకుంటారు. దాని పక్క గడిలో ప్రమోటర్ల వాటా 50 నుంచి సుమారు 21కి పడిపోయింది. నా దగ్గరకు వచ్చే ఫైనాన్స్ విద్యార్థుల్లో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే, ప్లెడ్జ్ శాతాన్ని ఒంటరిగా చదువుతారు. ప్లెడ్జ్ తగ్గితే వాటా నిలబడిందా లేదా చూడాలి. ప్లెడ్జ్ పెరిగితే ఆ మూడు నెలల్లో షేరు ధర పడిందా, లేక నిలకడగానే ఉందా చూడాలి. ధర నిలకడగా ఉండి ప్లెడ్జ్ పెరిగిందంటే కుటుంబం కొత్తగా అప్పు చేసి ఉండే అవకాశం ఎక్కువ.

నిజంగా జరిగినదాన్ని చూడాలంటే ఎస్సెల్ గ్రూపు కథ చదవండి. 2019 జనవరి 25న ఆ గ్రూపులోని జీ ఎంటర్‌టైన్‌మెంట్ షేరు ఒక్కరోజులో 26 శాతానికి పైగా పడింది. అప్పటికి ప్రమోటర్లకు సుమారు 41 శాతం వాటా ఉంది, అందులో సగానికి పైగా తాకట్టులో ఉంది. జీ లాభాల్లో ఉన్న కంపెనీ. దెబ్బ తగిలింది వేరేచోట. ఇన్‌ఫ్రా ప్రాజెక్టుల్లో తప్పు అంచనాలు వేశామని గ్రూపు అధినేత సుభాష్ చంద్ర అప్పులవాళ్లను క్షమాపణ కోరుతూ బహిరంగ లేఖ రాశారు. సెప్టెంబర్ 30 వరకు షేర్లు అమ్మకుండా ఆగడానికి వాళ్లు ఒప్పుకున్నారు. అప్పులు తీర్చడానికి కుటుంబమే విడతలుగా వాటాలు అమ్ముకుంది. ఏడాది తిరిగేసరికి వాటా 5 శాతం దరిదాపుల్లోకి వచ్చింది. ఛానళ్లు మాత్రం ఆగలేదు. మారింది కుటుంబం పట్టు.

మన హైదరాబాద్ సత్యం కూడా ఈ దారిలోనే నడిచింది. రాజు కుటుంబం తాకట్టు పెట్టిన షేర్లను అప్పులవాళ్లు అమ్మేస్తున్నారని బయటివాళ్లకు చివరిదాకా తెలియలేదు. ఆ తర్వాతే, 2009 జనవరిలో, ప్రమోటర్లు ప్లెడ్జ్ వివరాలు వెల్లడించడాన్ని సెబీ తప్పనిసరి చేసింది. ఈ రోజు మీరు బీఎస్‌ఈ సైట్లో ఆ గడి చూడగలుగుతున్నారంటే కారణం అదే.

ఇక మీ ఉద్యోగం సంగతి. జీతం ఇచ్చేది కంపెనీ, అప్పు కుటుంబానిది కాబట్టి ప్లెడ్జ్ ఉన్నంతమాత్రాన మీ జీతం ఆగదు. కుటుంబం ఇబ్బంది కంపెనీలోకి వచ్చే దారులు వేరు. కంపెనీ డబ్బును గ్రూపులోని ఇతర కంపెనీలకు అప్పుగా ఇవ్వడం, వాళ్ల అప్పులకు గ్యారంటీ సంతకాలు పెట్టడం లాంటివి. వార్షిక నివేదికలో రిలేటెడ్ పార్టీ లావాదేవీల నోట్ తెరిచి, గ్రూపు కంపెనీలకు ఇచ్చిన అప్పులు, గ్యారంటీలు రెండేళ్లలో పెరిగాయా చూడండి. ఏడాది మధ్యలో ఆడిటరో సీఎఫ్ఓనో తప్పుకున్నారా కూడా చూడండి. నాకైతే ప్లెడ్జ్ 70 అన్నదానికంటే ఈ నోట్‌లో అంకెలు పెరగడం ఎక్కువ భయం. ట్రెజరీలో పోస్టు అయితే ఇది మరీ ముఖ్యం, ఆ కాగితాలు మీ టేబుల్ మీదుగానే వెళ్తాయి.

తాకట్టు ఎందుకో కూడా తెలుసుకోవచ్చు. 2019 అక్టోబర్ నుంచి, ప్రమోటర్ల వాటాలో 50 శాతం గానీ కంపెనీ మొత్తంలో 20 శాతం గానీ తాకట్టులోకి వెళ్తే, కారణాలు విడిగా వెల్లడించాలన్నది సెబీ నియమం. మీ కంపెనీ ఆ రెండు గీతలూ దాటింది. ఎక్స్ఛేంజ్ సైట్లో కంపెనీ ప్రకటనల్లో ఆ పత్రం వెతకండి. ఎవరు అప్పు ఇచ్చారు, ఆ డబ్బు ఎక్కడికి వెళ్లింది అన్నది అందులో చూడండి. లిస్టెడ్ కంపెనీ రైట్స్ ఇష్యూలో డబ్బు పెట్టడానికి తెచ్చిన అప్పు ఒక రకం. మునిగిపోతున్న మరో వ్యాపారాన్ని నిలబెట్టడానికి తెచ్చినది మరో రకం. రెండోది కనబడి, ఆపైన రిలేటెడ్ పార్టీ అప్పులూ పెరుగుతూ ఉంటే నాన్నగారి మాట వినండి. మొదటిదై, నోట్ శుభ్రంగా ఉంటే చేరండి. జీతంలో ఈసాప్స్, అంటే కంపెనీ షేర్ల రూపంలో ఇచ్చే భాగం ఎంతో మాత్రం అడిగి, వీలైనంత నగదు రూపంలో ఇమ్మనండి. ఎందుకంటే మార్జిన్ కాల్ వచ్చిన రోజు ముందు కరిగిపోయేది ఆ భాగమే.